బామ్మర్ది పట్టిన తాడు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డుకు కాస్త పక్కకు జరిగి ఉంటుంది అచ్చంపేట. చుట్టూ పత్తి, వేరుశనగ చేలున్న ఊరే అయినా, రంగాపూర్ దాటి ఉమామహేశ్వరం గుట్టెక్కి చూస్తే ఇక్కడి బతుకు ఎటువైపు ముఖం పెట్టిందో తెలుస్తుంది. అటు మన్ననూరు, దాని వెనక అమ్రాబాద్ పీఠభూమి, ఆపైన కృష్ణ లోయ దాకా నల్లమల. ఆ అడవిలో అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల లాంటి చెంచు పెంటలున్నాయి. ఎండాకాలం మొదలైతే ఆ పెంటల్లో తేనె మాటే మాట.

చెంచులకు తేనె తీయడం ఇంటి పని, బంధుత్వంతో ముడిపడ్డ పని. కొండ అంచు కింద, మనిషి నిలబడే చోటు లేని రాతికి పెద్ద తేనెటీగలు తుట్టె పెడతాయి. పైన చెట్టుకో బండకో తాడు కట్టి, దాన్ని పట్టుకుని ఒకడు లోయలోకి దిగాలి. పైన తాడు దగ్గర కాపలా ఉండేది దిగినవాడి భార్య తమ్ముడో అన్నో. సొంత అన్నదమ్ముల్ని కాకుండా బామ్మర్దినే ఎందుకు కూర్చోబెడతారంటే, తాడు తెగితే, జారితే తాళిబొట్టు పోయేది అతని అక్కచెల్లెలికే. కాబట్టి అతను కునుకు తీయడు, చెయ్యి వదలడు. ఇంత ఆలోచించి పెట్టుకున్న కట్టుబాటు మరొకటి నాకు తెలియదు. శ్రీశైలం మల్లన్నను కూడా వీళ్లు దేవుడిగా కంటే ముందు తమ ఆడపడుచును చేసుకున్న చెంచు మల్లయ్యగానే తలుస్తారు. శివరాత్రికి బౌరాపూర్‌లో భ్రమరాంబ జాతర జరిగేది ఆ చుట్టరికంతోనే.

దిగినవాడు ముందు పచ్చి ఆకుల కట్టకు నిప్పంటించి పొగ పెడతాడు. ఈగలు తుట్టె వదిలి పక్కకు జరుగుతాయి. ఇక్కడే తేనె మంచిచెడ్డలు తేలిపోతాయి. పెద్ద తుట్టెలో తేనె అంతటా ఉండదు. రాతికి అంటుకున్న పై భాగం లావుగా ఉబ్బి ఉంటుంది, తేనె అక్కడే. కింద వేలాడే పలచటి భాగంలో ఉండేవి గుడ్లు, పిల్లలు. వెనకట తుట్టె మొత్తం కోసి చేత్తో పిండేవాళ్లు. పిల్లల రసం, పుప్పొడి కలిసిపోయి ఆ తేనె తొందరగా పులిసేది. మళ్లీ ఆ రాతి మీద ఈగలూ నిలిచేవి కావు. ఇప్పుడు శిక్షణ పొందిన వాళ్లు పై భాగం మాత్రమే కోస్తారు, పిల్లల గూడు అలాగే వదిలేస్తారు. అడవిలో పువ్వు ఇంకా ఉంటే ఈగలు అదే తుట్టెను మళ్లీ నింపుతాయి, కొన్ని వారాలకు అక్కడే రెండోసారి తేనె దొరుకుతుంది. కోసిన ముక్కను పిండకుండా, శుభ్రమైన బట్టలో వేసి దానంతట అదే కారనిస్తారు.

ఎప్పుడు కోయాలన్నది ఇంకో విద్య. ఈగలు గదులకు మైనం మూత వేస్తేనే తేనె పండినట్టు. మూత పడకముందే కోస్తే నీళ్ల శాతం ఎక్కువగా ఉంటుంది. దేశంలో ఆహార నిబంధనల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. అడవి తేనెకు ఇది కష్టమైన గీతే. వాన తగిలినా, గాలిలో తేమ పెరిగినా ఆ గీత దాటిపోతుంది. అందుకే తొలకరికి ముందు, ఎండ గట్టిగా ఉన్నప్పుడే తీసిన తేనెకు నిలవ గుణం ఎక్కువ.

పెంటల్లో తీసిన ఆ తేనెను గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఇప్ప, నేరేడు, కానుగ, మద్ది పూల మీద వాలిన ఈగల తేనె ఎండాకాలం చివరికి వడగట్టి, సీసాలకెక్కి కొత్త పంటగా బయటికొస్తుంది. కొనేవాళ్లకు ఒక మాట. ఒక సీసా ఎర్రగా, ఇంకోటి నల్లగా కనిపిస్తే కల్తీ అనుకోవద్దు, పువ్వు మారితే రంగు మారుతుంది. చలికాలంలో పేరుకున్నా చెడినట్టు కాదు, గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. నీళ్లలో చుక్క వేసి చూసే పరీక్షను నమ్మకండి, చిక్కటి చక్కెర పాకం కూడా అలాగే మునుగుతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చినా, పైన నురగ తేలినా, పుల్లటి వాసన కొట్టినా అది పులిసిన తేనె, తిరిగి ఇచ్చేయండి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం ఏ తేనెనూ నాకించకూడదు.

ఈ ఎండాకాలం తేనె కొనేటప్పుడు ఏ పెంటది, ఏ నెలలో తీసింది, పిండిందా కారనిచ్చిందా అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితే పై భాగం మాత్రమే కోసి ఓపికగా వడగట్టిన కుటుంబానికి మంచి ధర అడిగే వీలుంటుంది. ఇప్పటికైతే పిండిన తేనె, వడగట్టిన తేనె ఒకే డబ్బాలో కలిసే ప్రమాదం ఉంది. ఆ రెండూ విడివిడిగా తూకానికి రావాలన్నదే నా కోరిక.