అవ్వ కంటిచుక్కలు

కోలారులో మా అవ్వకు కుడికంటి పొర తీసినాక చీటీలో రెండు చుక్కలమందులు రాసినారు. ఒకటి ఆర్.ఇ., కుడికంటికే, ఆరుసార్లతో మొదలై వారవారం తగ్గేది. రెండోది టిమోలాల్, బి.ఇ., బి.డి.: రెండు కళ్లకూ, పొద్దున, రాత్రి. ఇది నిలపకూడదు.

‘నీటికాసుల మందు’ అంటే అవ్వ, ‘నాకు నీళ్లు కారడంలేదే, ఎందుకురా?’ అనింది. ఆ పేరుతో వచ్చే చిక్కే ఇది. ‘కంటిలోపలి ఒత్తిడి మందు, నొప్పి లేకున్నా వెయ్యాల’ అని మార్చినాము.

మేము చదివింది కన్నడం, అవ్వకు ఏ లిపీ రాదు. అందుకే ఒత్తిడి సీసాకు రెండు దారాలు, రెండు కళ్లకని. రెండు మందుల నడుమ ఐదు నిమిషాలు. ఎదురుగా నిలబడితే అవ్వ కుడి మనకు ఎడమవైపు పడుతుంది. అన్నం తినే చెయ్యి ఎత్తమని, ఆ పక్క కంట్లోనే వేస్తాము.