సెలవి పగిలితే పళ్ల సెట్టు చూడాలి

నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే ఒక పెద్దావిడ నా దగ్గరికి మొదటిసారి వచ్చింది పంటినొప్పితో కాదు. రెండు సెలవులూ పగిలి, నోరు తెరిస్తే నెత్తురు చిమ్ముతోంది. చేతిసంచిలోంచి బీకాంప్లెక్స్ గొట్టాల పట్టీ తీసి బల్లమీద పెట్టింది.

"రెండేళ్లబట్టి మింగుతున్నాను బాబూ. ఒంటేలు పచ్చగా అవుతాది గానీ ఇది మానదు. ఉప్పునీటి చెయ్యి తగిలితే పేణం పోతాది."

ఆ పచ్చదనం రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్. ఒంటికి అక్కర్లేనిది మూత్రంలో బయటికి పోతుంది. ఆమెకు అది సరిపడా అందుతోందనడానికి అదొక గుర్తు. అయినా ఆ రోజు నేను చేసిన పని సగమే. పగిలినచోట రాసుకోవడానికి క్లోట్రిమజోల్ ట్యూబు ఇచ్చి పంపేశాను. పది రోజుల్లో మానింది. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది. పుండుకి మందిచ్చాను గానీ ఆ పుండు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడలేదు.

రెండోసారి వచ్చినప్పుడు ముందు ఆమె ముఖాన్ని పక్కనుంచి చూశాను. గడ్డం ముక్కు దగ్గరికి వచ్చేసింది. పెదవులు లోపలికి ముడుచుకుని, రెండు మూలల్లోనూ కిందికి దిగిన లోతైన మడత పడింది. ఆ మడతలో తడి మెరుస్తోంది. కట్టుడు పళ్లు కట్టించి పద్నాలుగేళ్లయిందని చెప్పింది. పళ్లు అరిగి బల్లపరుపుగా అయ్యాయి. వాటి కింద చిగురు ఎముక కూడా అరుగుతూ వచ్చింది.

ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టాను. దవడ వదులుగా ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య 64 మిల్లీమీటర్లు. పళ్లు కరిపించి కొలిస్తే 55. ఈ తేడా మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి, ఆమెకు 9 ఉంది. అంటే నోరు మూసిన ప్రతిసారీ కింది దవడ అవసరానికి మించి పైకి వస్తోంది, పెదవి చివర చర్మం మడత పడుతోంది. ఆ మడతలోకి ఉమ్మి చేరుతుంది. రోజంతా తడిలో నానిన చర్మం తెల్లబడి మెత్తబడుతుంది, మెత్తబడినది చీలుతుంది. చీలినచోట కాండిడా అనే శిలీంధ్రం కాపురం పెడుతుంది. స్టఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి కూడా వస్తే తేనెరంగు పొక్కు కడుతుంది. మంట పుడితే నాలుకతో తడుపుకుంటాం, ఆ తడితో చీలిక ఇంకా పెరుగుతుంది. ఉప్పుమడి గాలికీ చెమటకీ ఆమె నాలుక రోజంతా అక్కడే ఉండేది.

పై సెట్టు తీయించాను. అంగిలి ఎర్రగా ఉంది, ఆ ఎరుపు సరిగ్గా సెట్టు అంచులదాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి తీయదని అడక్కుండానే తెలిసింది. "తీస్తే మొకం పాడైపోద్ది బాబూ" అంది. ఆ సెట్టు లోపలి వైపే శిలీంధ్రానికి ఇల్లు. సెలవి మానుతున్న కొద్దీ అక్కణ్ణుంచి మళ్లీ విత్తనాలు పడుతున్నాయి. నా క్లోట్రిమజోల్ ఓడిపోయింది అందుకే.

ఇక్కడ విటమిన్ సంగతి న్యాయంగా చెప్పాలి. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1938లో అమెరికాలో సెబ్రెల్, బట్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 18 మంది ఆడవాళ్లకు రైబోఫ్లేవిన్ లేని తిండి పెట్టి చూస్తే కొందరికి సెలవులు పగిలాయి. ఆ విటమిన్ ఇస్తే మానాయి. బళ్లో చదువుకున్న పాఠం అదే. పాలూ పప్పూ అందని పిల్లలకీ, గర్భిణులకీ, రక్తహీనత ఉన్నవాళ్లకీ ఇప్పటికీ అది నిజమే. కానీ అప్పుడు సెలవి ఒంటరిగా పగలదు. నాలుక నున్నబడి ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, కంటి కింది రెప్ప పాలిపోతుంది. ఈమధ్య వచ్చిన ఒక గర్భిణి నాలుక అద్దంలా నున్నగా ఉంది, హిమోగ్లోబిన్ 7.8. ఆమెకు సెలవికి మందు రాయడంకన్నా ముందు వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపడమే నా పని. పెద్దావిడ నాలుక మామూలుగానే ఉంది. కట్టుడు పళ్లున్న వయసులో రెండు సెలవులూ పగిలితే నా చెయ్యి ముందు నోట్లోకి వెళ్తుంది, గొట్టాల పట్టీ మీదికి వెళ్లదు.

పలాస వైపు జీడిపప్పు బట్టీల నుంచి వచ్చేవాళ్లది వేరే కథ. జీడిసొన అంటిన వేలు పెదవికి తగిలితే చర్మం కాలుతుంది. అది మడతలో ఆగదు, పెదవి దాటి బుడగలుగా పాకుతుంది, చేతివేళ్లు కూడా నల్లబడి ఉంటాయి. చేతులు చూడకుండా సెలవికి మందు రాయకూడదని నేర్పింది వాళ్లే.

పెద్దావిడకు మందు మొదలుపెట్టేముందు షుగర్ చూపించాను, షుగర్ ఉంటే కాండిడా వదలదు. క్రియాటినిన్ కూడా చూపించాను. ఉద్దానం పక్కన కూర్చుని ఇది మరచిపోలేం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఏ ఇంట్లో ఉందో ముఖం చూసి చెప్పలేం. శిలీంధ్రానికి మింగే ఫ్లూకొనజోల్ మోతాదు కిడ్నీలు బాగాలేనివాళ్లకు తగ్గించాలి, పైగా చాలా మందులతో అది పొసగదు. పైపూతతో మానేదానికి మాత్ర ఇవ్వను. ఆమెకు రెండూ బాగానే వచ్చాయి.

తర్వాత చేసింది ఇది. మైకోనజోల్ 2 శాతం క్రీము రోజుకు మూడుసార్లు, ముందు మెత్తటి గుడ్డతో తడి అద్దుకుని రాయాలి. మానినట్టు కనిపించాక ఇంకో వారం. ఉప్పు పనికి వెళ్లేముందు పైన వేజిలిన్. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకైతే మైకోనజోల్ ఇవ్వను, నోటి పూతగా వాడినా రెండూ కలిస్తే రక్తస్రావం జరగొచ్చు. అంతకుముందు ఆమె మందుల షాపులో కొన్న ట్యూబు చూపించింది. అందులో స్టెరాయిడ్ ఉంది. రెండురోజులు మంట తగ్గించి, చర్మాన్ని పలచన చేసి, శిలీంధ్రాన్ని పెంచుతుంది. దాన్ని ఆపించాను.

సెట్టుకీ వైద్యం చేశాం. సబ్బూ బ్రష్షుతో తోమి, రోజుకు రెండుసార్లు పావుగంట క్లోర్‌హెక్సిడిన్‌లో నానబెట్టి, రాత్రి నోట్లోంచి తీసి నీళ్లలో ఉంచమన్నాను. ఒక్కసారిగా 6 మిల్లీమీటర్లు ఎత్తితే దవడ కండరాలు అలిసిపోయి తినలేదు. అందుకని పాత కింది సెట్టు మీద ఎక్రిలిక్ వేసి ముందు 3 మిల్లీమీటర్లు లేపాను. నాలుగు వారాలు అలవాటయ్యాక కొత్త సెట్టు చేశాను. చుక్కల మధ్య 61 వచ్చింది, మడత తెరుచుకుంది. వయసుతో జారిన చర్మం వల్ల సన్నటి గీత మాత్రం మిగిలింది, అది ఏ సెట్టుతోనూ పోదు.

అంగిలి ఎరుపు మూడు వారాల్లో తగ్గింది. తగ్గాక దాని కింద ఇంకొకటి బయటపడింది. తెల్లబారిన చర్మం, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. మా జిల్లా వాళ్లకు ఇది కొత్త కాదు, అడ్డపొగ గుర్తు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం మా శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది నోళ్లు చూసి, నిప్పు లోపల పెట్టి చుట్ట తాగేవాళ్లలో అంగిలి ఎలా పాడవుతుందో రాసింది.

"అడ్డపొగ తాగేదానివా అమ్మా?"

"పళ్లెట్టించినప్పుడే మానీసినాను బాబూ. అంతకుముందు ముప్పై ఏళ్లు."

వేలితో నొక్కి చూశాను. గట్టిదనం లేదు, పుండు లేదు. కొలత రాసుకుని ఫోటో తీసుకున్నాను. ఆర్నెల్లకోసారి వచ్చి సెట్టు తీసి చూపించమన్నాను. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది, మచ్చ పెరగలేదు.