రెండెకరాల చెలకకు ఒక కాగితం

కోఠి బ్యాంక్ స్ట్రీట్ పక్క సందులో మెట్లెక్కితే చిన్న డీటీపీ గది, కింద ఆఫ్‌సెట్ ప్రెస్సు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కాలేజీ నోట్సులు అచ్చయ్యే చోటు. నేను వెళ్లిన రోజు అక్కడ కంప్యూటర్ తెర మీద భూసార పరీక్ష గురించిన కరపత్రం ఉంది. ఎ4 కాగితం, మూడు మడతలు, రెండు వైపులా అచ్చు. పరిగి దిక్కు చెలక రైతులకు వేసవిలోనే పంచాలని దాన్ని తయారు చేయిస్తున్నది ఉద్యోగ విరమణ చేసిన ఒక వ్యవసాయ విస్తరణ అధికారి. ప్రూఫు చదవడానికి పండితుణ్ణి కాకుండా ఆ ప్రాంతపు రైతునే వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు రెండెకరాల ఎర్ర చెలక, అరెకరానికి సరిపోయే బోరు ఉన్నాయి. మూడేళ్లుగా పత్తి మీద పత్తే వేస్తున్నారు.

ఆయన భూసార కార్డు కూడా తెచ్చారు. రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో 2015 ఫిబ్రవరి 19న మొదలైన పథకం కార్డు అది. ఉదజని సూచిక మొదలుకొని బోరాన్ వరకు పన్నెండు వరుసల అంకెలుంటాయి. కార్డు చూడగానే ఆ విస్తరణ అధికారి మేడం అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఈ మట్టి నీ చేనుల తీసిందేనా?"

"ఏమో మేడం. వచ్చి తీస్కపోయిన్రు. ఎక్కడ తవ్విన్రో నేను చూడలే."

ఆ ప్రశ్నకు కారణం ఉంది. ఆ పథకంలో వాన మీద ఆధారపడిన భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి తీసే పద్ధతి పెట్టారు. పది హెక్టార్లంటే పాతికెకరాలు. ఆ పాతికలో పదిమంది రైతులు ఉండొచ్చు. ఒకరు ఏటా పశువుల ఎరువు తోలేవారు, ఒకరు డీఏపీ తప్ప మరొకటి ఎరగనివారు. అందరికీ ఒకే అంకె వస్తుంది. ఊరి నేల ఎలా ఉందో తెలియడానికి అది చాలు. నీ రెండెకరాల్లో ఎన్ని బస్తాలు వేయాలో తేల్చడానికి చాలదు. అందుకే కరపత్రంలో మొదటి మడత మొత్తం మట్టి ఎలా తీయాలన్నదానికే ఇచ్చారు. అది సరైన పనే అనిపించింది నాకు. ప్రయోగశాలలో పరీక్ష ఎంత బాగా చేసినా, తీసుకొచ్చిన మట్టి తప్పైతే వచ్చే జవాబూ తప్పే.

ఏప్రిల్, మే నెలల్లో, చేను ఖాళీగా ఉన్నప్పుడు, ఎరువు ఇంకా తోలకముందు తీయాలి. చేనులో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎకరానికి ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్త గీకేసి, ఆరు అంగుళాల లోతు గుంట తీయాలి. పైన వెడల్పుగా, అడుగున సన్నగా, నాగలి చాలు కోసినట్టు ఉండాలి గుంట. దాని ఒక పక్కన పైనుంచి కింది దాకా అంగుళం మందాన మట్టి చెక్కి ప్లాస్టిక్ బకెట్లో వేయాలి. జింకు పూసిన ఇనుప బకెట్ వద్దు, ఆ జింకు మట్టిలో కలిసి కార్డులో కనిపిస్తుంది. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంట కుప్ప పోసిన చోట, నీళ్ల కాలువ అంచున తీయకూడదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది. నీడలో ఆరబెట్టి సంచిలో కట్టాలి.

ప్రూఫు చదువుతూ రైతు అక్కడ ఆగారు. "సంచి అంటే యూరియా సంచే దొరుకుతది ఇంట్ల." మేడం వెంటనే ఇంకో వాక్యం చేర్పించారు: ఎరువు సంచిలో మట్టి కట్టవద్దు. ఖాళీ సంచిలో అంటుకున్న నాలుగు పలుకులు చాలు, నత్రజని ఎక్కువుందని తప్పు లెక్క రావడానికి.

రెండో మడత కార్డు చదవడం గురించి. ఇక్కడే ఎక్కువసేపు గడిచింది. పన్నెండు అంకెలకూ వివరం రాయాలని మొదట అనుకున్నారట, తర్వాత అయిదే ఉంచారు: ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్, జింకు. మిగతావి బాగా తక్కువుంటే కార్డే చెబుతుంది. ఈ రైతు కార్డులో ఉదజని సూచిక 6.8, దాని గురించి దిగులు లేదు. సేంద్రియ కర్బనం 0.38 శాతం. అర శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క. నత్రజనీ తక్కువే. పొటాష్ మధ్యస్థం. జింకు 0.42, ఉండాల్సిన కనీస హద్దు 0.6. భాస్వరం మాత్రం ఎక్కువ. మూడేళ్లుగా ఎకరానికి రెండు బస్తాల డీఏపీ వేస్తూ వచ్చారు మరి. పంట తీసుకోని భాస్వరం వానకు కొట్టుకుపోక, మట్టిని పట్టుకుని అక్కడే పేరుకుంటుంది.

ప్రూఫులో ఎరువుల మోతాదు హెక్టారు లెక్కన ఉంది. రైతు చాలాసేపు చూశారు. "మాకు ఎకరం, గుంటలే తెలుసు. ఇది చూస్తే ఇదంతా ఎకరానికే అనుకుంటం." అలా అనుకుంటే రెండున్నర రెట్లు ఎరువు చేనులో పడుతుంది. ఆ పూట జరిగిన దిద్దుబాట్లలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. హెక్టారు అన్న మాట కాగితంలో ఎక్కడా మిగలకుండా తీయించి, కిలోలన్నీ బస్తాల్లోకి మార్చారు.

ఆ మార్పిడి ఆయన పత్తి ఎకరంతోనే చేసి చూశారు. పత్తికి ఎకరాకు సిఫార్సు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 24 కిలోలు. నేలలో తక్కువున్నదాన్ని 30 శాతం పెంచి, ఎక్కువున్నదాన్ని 30 శాతం తగ్గించి, మధ్యస్థంగా ఉన్నదాన్ని అలాగే ఉంచడం ఇక్కడి వాడుక లెక్క. అంటే నత్రజని 62, భాస్వరం 17, పొటాష్ 24. యాభై కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు ఉంటాయి. కాబట్టి 37 కిలోల డీఏపీ చాలు, ముప్పావు బస్తా. దానితోపాటే ఆరున్నర కిలోల నత్రజని వచ్చేస్తుంది. మిగిలిన నత్రజనికి యూరియా 120 కిలోలు, అంటే నలభై అయిదు కిలోల బస్తాలు రెండు, పైన ముప్పై కిలోలు. పొటాష్ ఎరువు 40 కిలోలు. డీఏపీ విత్తేటప్పుడు, యూరియా, పొటాష్ మాత్రం నాలుగు దఫాలు: 20, 40, 60, 80 రోజులకు. ఒక్కో దఫాకు యూరియా 30 కిలోలు, పొటాష్ 10 కిలోలు.

డీఏపీ బస్తా 1350 రూపాయల లెక్కన ఈ ఎకరంలోనే దాదాపు 1700 రూపాయలు మిగులుతాయి. అయితే నత్రజని పెంచమన్న చోట మేడం ఒక షరతు రాయించారు: నేల తడి లేకపోతే ఆ దఫా యూరియా వేయవద్దు. బెట్టలో చల్లిన యూరియా మొక్కకు అందదు. తడున్నప్పుడు మోతాదు మించితే ఆకు ముదురు పచ్చగా, మెత్తగా ఏపుగా పెరిగి పేనుబంక, పచ్చదోమ పడతాయి. ఆకు రంగు చూసి రైతే పసిగట్టవచ్చు.

లోపలి వైపు మొత్తం పట్టిక. తేదీలకు ముందు కార్తెలు పెట్టారు, విత్తనం మాట రైతులు కార్తెతోనే చెబుతారు కనుక. రెండో ఎకరాన్ని చెరి ఇరవై గుంటలుగా విడగొట్టారు.

| కాలం | మొదటి ఎకరం | రెండో ఎకరం: వాన సగం | రెండో ఎకరం: బోరు సగం |
|---|---|---|---|
| రోహిణికి ముందు (ఏప్రిల్–మే) | మట్టి నమూనా | మట్టి నమూనా, పశువుల ఎరువు | మట్టి నమూనా |
| మృగశిర–ఆరుద్ర (జూన్ 8–జూలై 5) | పత్తి | జొన్న రెండు సాళ్లు, కంది ఒక సాలు | పెసర |
| వాన ఆలస్యమైతే | జూలై 15 దాటితే పత్తి వద్దు, ఆముదం | కంది ఒక్కటే, ఆగస్టు 15 లోపు | జూలై 15 దాటితే పెసర వద్దు |
| మఖ–పుబ్బ (ఆగస్టు 17–సెప్టెంబర్ 12) | కలుపు, చివరి దఫా ఎరువు | కలుపు | పెసర కోసి, కట్టె దున్నాలి |
| చిత్త–స్వాతి (అక్టోబర్ 11–నవంబర్ 5) | పత్తి ఏరుడు | జొన్న కోత, కంది నిలిచి ఉంటుంది | మక్క విత్తాలి |
| డిసెంబర్–జనవరి | పత్తి కట్టె పీకేయాలి | కంది కోత | మక్కకు తడులు |
| వచ్చే ఏడాది | జొన్న–కంది, పెసర–మక్క | పత్తి | పత్తి |

పట్టికలో ప్రతి గడికీ కార్డుతో లంకె ఉంది. కర్బనం, నత్రజని తక్కువ కాబట్టే పెసర వచ్చింది. కాయలు కోశాక కట్టెను నేలలో దున్నితే రెండూ కొంత పెరుగుతాయి. జింకు తక్కువైతే మొక్కజొన్న లేత ఆకులు తెల్లబడతాయి కాబట్టి, బోరు సగంలో ఆఖరి దుక్కిలో పది కిలోల జింకు సల్ఫేటు వేయాలి, అదీ డీఏపీతో కలపకుండా విడిగా. కందిని జొన్నతో కలిపింది ఎండు తెగులు కోసం. కంది మీద కంది వేసిన చేనులో ఆ శిలీంధ్రం మట్టిలోనే ఏళ్ల తరబడి బతుకుతుంది. పూత, కాయ దశలో మొక్కలు అక్కడక్కడ వాడిపోతాయి. అలాంటి మొక్కను పీకి కాండం చీలిస్తే లోపల నల్లని చారలుంటాయి. బెట్టకు వాడినదైతే ఆ చారలుండవు.

రైతు వేలితో లెక్కపెట్టి అడిగారు: "గట్లయితే కంది మళ్ల ఇదే మడిల ఎప్పుడొస్తది?" ఈ ఏడాది రెండో ఎకరంలో ఒక సగం, వచ్చే ఏడాది మొదటి ఎకరంలో ఒక సగం, తర్వాత వాటి రెండో సగాలు. బోరు పైపు మార్చుకుంటూ పోతే అయిదో ఏటికి గానీ కంది మొదటి మడికి రాదు. ఈ తిప్పుడు చిన్న బొమ్మగా నాలుగు గడుల్లో గీసి పట్టిక పక్కన పెట్టారు.

డీటీపీ కుర్రాడు మంచి సలహా ఒకటి ఇచ్చాడు. మెరిసే ఆర్ట్ పేపరు మీద వేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ పెన్ను నిలవదు. పట్టిక కింద రైతు తన కార్డు అంకెలు రాసుకునే గడులు ఉన్నాయి కదా, మ్యాప్‌లిథో అయితేనే పని జరుగుతుందన్నాడు. తక్కువ, ఎక్కువలను ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపాలన్న ఆలోచన కూడా మానుకున్నారు. ఊళ్లో జిరాక్సు తీసేసరికి రెండూ ఒకే బూడిద రంగవుతాయి. అక్షరాల్లోనే రాశారు.

వెయ్యి కాపీలు అదనంగా వేసి తాండూరు వైపు కూడా పంచుదామా అని ప్రెస్సు యజమాని అడిగితే మేడం ఒప్పుకోలేదు. అక్కడ నల్లరేగడి కూడా ఎక్కువే. రేగడి తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి వానాకాలం పెసర తీశాక బోరు లేకుండానే అక్టోబరులో శనగ, కుసుమ, జొన్న వేసుకోవచ్చు. చెలకకు రాసిన ఈ పట్టిక ఆ రైతు చేతికిస్తే ఆ పంట చేజేతులా పోగొట్టినట్టే. రేగడికి వేరే పట్టిక, ఆ నేల రైతు ఒకరు ప్రూఫు చదివాకే అచ్చు అని తేల్చారు. ఈలోగా చెలక కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో ఒక పంక్తి చేర్చారు: ఎర్ర చెలక నేలలకు మాత్రమే.