'నైస్' దగ్గర నేను ఆగలేదు

మనలో పీజీ ఎంట్రన్స్‌కి ఇంగ్లిష్ లిటరేచర్ చదివేవాళ్లు కొందరున్నారు కాబట్టి, నేను తిన్న ఒక దెబ్బ గురించి రాస్తున్నా.

ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి డిగ్రీకి వెళ్లిన నాకు జేన్ ఆస్టిన్ నవల 'నార్తాంగర్ అబ్బే' సిలబస్‌లో వచ్చింది. 1817 చివర్లో అచ్చయిన పుస్తకం. రాని ప్రతి మాటకీ డిక్షనరీ తీశాను. 'నైస్' దగ్గర మాత్రం ఆగలేదు. ఎందుకాగుతాం? ఆరో తరగతిలోనే వచ్చిన మాట కదా!

అందులో క్యాథరిన్ తనకు నచ్చిన నవలను చాలా నైస్ పుస్తకం అంటుంది. అది బైండింగ్‌ని బట్టి ఉంటుందిలే అని హెన్రీ ఆటపట్టిస్తాడు. నాకేమీ అర్థం కాక, 'హెన్రీకి నవలలంటే చులకన' అని పరీక్షలో రాసేశా. నిజానికి ఆ సీన్‌లోనే అతను నవలలంటే ఇష్టమని చెప్తాడు. మార్కులు పోయాయి, క్లాసులో నవ్వులపాలయ్యాను.

అసలు సంగతేంటంటే, అప్పటికి ఆ మాటకు రెండు అర్థాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి నీటుగా, పొందికగా ఉన్నది. రెండోది అప్పుడప్పుడే ఊపందుకున్న 'బాగుంది'. క్యాథరిన్ కొత్త అర్థంలో అంది, హెన్రీ కావాలనే పాత అర్థం పట్టుకున్నాడు. జోక్ అంతా అక్కడే ఉంది.

హెన్రీ తన అర్థమే అసలుదంటాడు గానీ అదీ కాదు. లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట ఫ్రెంచి మీదుగా నైస్ అయింది. ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో తెలివితక్కువవాడినే నైస్ అనేవాళ్లు! అలాగని ఆ అర్థం తెచ్చి ఆస్టిన్‌కు అంటగడితే అదింకో తప్పు. మూలం తెలిస్తే చాలదు, ఆ పుస్తకం రాసిన నాటి వాడుక కావాలి.

'ఆఫుల్' కూడా ఇంతే. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో దానికి ప్రధాన అర్థం భయభక్తులు కలిగించేది. తర్వాత భయం మిగిలింది, భక్తి పోయింది. జనం ప్రతిదానికీ వాడేసరికి ఆ భయమూ పలచబడి, ఉత్త 'చెత్త' అయింది. మనం ఇప్పుడు 'సినిమా అరాచకం' అని మెచ్చుకోవట్లేదా? వందేళ్ల తర్వాత చదివేవాడు దాన్ని తిట్టే అనుకుంటాడు.

కొత్త మాట మనల్ని ఆపుతుంది, తెలిసిన మాట ఆపదు. అందుకే ఇప్పుడు ముందు పుస్తకం ఏ సంవత్సరానిదో మొదటి పేజీలో రాసుకుంటా. వాక్యంలో ఒక మాట మిగతా మాటలతో పొసగకపోతే, అంటే గొప్పగా వర్ణిస్తున్న చర్చి పక్కన 'ఆఫుల్' కనిపిస్తే, అక్కడే ఆగి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తీస్తా. అందులో ప్రతి అర్థం కిందా ఏ ఏళ్లలో అలా వాడారో ఉదాహరణలుంటాయి. యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. నైస్ విషయంలో మాత్రం 16, 17 శతాబ్దాల వాక్యాలు కొన్నింటికి ఏ అర్థమో ఆ నిఘంటువు కూడా తేల్చలేకపోయింది. అది చూశాక నా మార్కుల బాధ కొంచెం తగ్గింది.