కెప్టెన్ లేచి నిలబడితే

బయట చలిగాలి మొదలయింది. మా హోసూరు గాలి సంగతి మీకు తెలుసు కదా, బెంగళూరు నుంచి నలభై కిలోమీటర్లు దిగి వచ్చినా చలిని మాత్రం అక్కడ వదిలి రాదు. ఈరోజు కబడ్డీ గురించి మాట్లాడుకుందాం. ఆట గురించి కాదు, ఆటలన్నీ అయిపోయాక పెట్టుకునే విందు గురించి.

మా వైపు సంక్రాంతి ముగిసిందంటే ఊరూరా రాత్రిపూట పోటీలే. బాగలూరు, బేరికె, శూలగిరి, కావేరిపట్నం, ఎక్కడ దీపాలు కట్టి మైకు పెడితే అక్కడికి జట్లు వ్యానెక్కి పోతాయి. వానలు దిగేసరికి ఆట సద్దుమణుగుతుంది. అప్పుడు ఒక చిన్న కల్యాణ మండపంలోనో మేడ మీదో అందరూ చేరి భోంచేస్తారు. రాగి ముద్ద, కోడి పులుసు ఒకవైపు, బిర్యానీ ఇంకోవైపు. వడ్డన మొదలయ్యే ముందు ఎవరో ఒకరు అంటారు, “కెప్టెన్ నాలుగు మాటలు మాట్లాడాల!” అక్కడ మొదలవుతుంది అసలు కష్టం.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు, సాయంత్రం కబడ్డీ, జట్టుకు వాడే కెప్టెన్. విందుకు ముందు రోజు ఒక కాగితం పట్టుకొని వచ్చినాడు. “మామా, దీన్ని కొంచెం చూస్తావా?” చూశాను. “మా గురుతుల్యులు, మార్గదర్శి, నిస్వార్థ సేవామూర్తి అయిన కోచ్ గారికి పాదాభివందనాలు. నా తోటి క్రీడాకారులు వజ్రాల్లాంటివారు.” అంతా ఇదే. ఒక్క తప్పు లేదు. కానీ ఇందులో కబడ్డీ ఎక్కడుంది? పేర్లు మార్చి పాలకేంద్రం వార్షికోత్సవంలో చదివినా సరిపోతుంది. మీరూ ఎప్పుడైనా ఇలాంటి ఉపన్యాసం రాయాల్సి వస్తే ముందు ఈ పరీక్ష పెట్టండి: పక్క ఊరి జట్టు కెప్టెన్ ఇదే కాగితం చదివితే ఎవరికైనా అనుమానం వస్తుందా? రాకపోతే కాగితం చించేయండి.

అయితే ఏం చెప్పాల? స్కోరు షీటులో లేనిది చెప్పాల. కబడ్డీలో ఏడుగురు బరిలో ఉంటారు, బయట బెంచీ మీద అయిదుగురు. అవతలి రైడర్ కూతకు వచ్చినాడనుకోండి. ఎడమ మూల కాపు కాసేవాడు, అదే లెఫ్ట్ కార్నర్, వంగి వాడి మడమ పట్టుకుంటాడు. వాడు తన్నుకుంటూ మధ్య గీత వైపు దూకబోతుంటే కవర్‌లో ఉన్నవాడు అడ్డం పడి రొమ్ముతో ఆపుతాడు. ఆ కవర్ ఒక్క క్షణం ఆలస్యమైతే రైడర్ చెయ్యి గీతను తాకుతుంది, మనవాడే అవుట్. కానీ షీటులో పాయింటు ఎవరి నంబరు ఎదురుగా రాస్తారు? మొదట మడమ పట్టినవాడికి. అడ్డం పడి పక్కటెముకలు నొప్పి చేసుకున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. చప్పట్లు కొట్టిన జనానికీ గుర్తుండదు. దాన్ని దగ్గరి నుంచి చూసినవాళ్లలో కెప్టెన్ ఒకడు. విందులో వాడికి మైకు ఇచ్చేది అందుకే. షీటు వదిలేసిన సాక్ష్యం వాడు చెప్పాల. ఎక్కువ పాయింట్లు తెచ్చిన రైడర్‌కు కప్పు ఇచ్చినారు, దండ వేసినారు, ఫోటో తీసినారు. వాడికి ఒక్క వాక్యం చాలు.

కోచ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాల. 2013 నవంబరు 16న ముంబై వాంఖడే మైదానంలో సచిన్ టెండుల్కర్ ఆఖరి టెస్టు ముగిశాక మాట్లాడింది మీరు విన్నారా? ఆ రోజు వాడు కెప్టెన్ కాదు, అది విందూ కాదు. కానీ కృతజ్ఞత ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే అది వినాల. గురువు రమాకాంత్ ఆచ్రేకర్‌ని గొప్పవాడు, మహానుభావుడు అని ఊరుకోలేదు. స్కూటరు మీద ఎక్కించుకొని ఒక మైదానం నుంచి ఇంకో మైదానానికి తిప్పి మ్యాచులు ఆడించేవారని చెప్పినాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బాగా ఆడావని అనలేదని, అంటే ఎక్కడ తలకెక్కుతుందోనని భయపడ్డారని చెప్పినాడు. ఇక నాకు మ్యాచులు లేవు కాబట్టి ఇప్పుడు అనేయొచ్చు సార్ అని నవ్వించినాడు. విశేషణం ఒక్కటీ లేదు చూడండి. స్కూటరు ఉంది, అనని ఒక మాట ఉంది. ఆ రెండింటితోనే మనిషి కళ్లముందు నిలబడినాడు.

“సరే మామా, మా సార్‌కు స్కూటరు కూడా లేదు” అన్నాడు మావాడు. “ఓడిపోయిన మ్యాచ్ ఒకటి చెప్పు” అన్నాను. వాడు చెప్పింది వినండి, ఆట తెలియనివారికీ అర్థమవుతుంది.

కృష్ణగిరిలో ఒక పోటీ. ఆఖరి నిమిషం, మావాళ్లు 27, అవతలివాళ్లు 26. బరిలో మావాళ్లు అయిదుగురే మిగిలినారు. అవతలివాళ్లు అప్పటికే వరసగా రెండు కూతలు వట్టి చేతులతో వెనక్కి పోయినారు. మూడోది కూడా వట్టిదే అయితే రైడర్ అవుట్ అవుతాడు, పాయింటు మనకు వస్తుంది. అయిదుగురే ఉన్నారు కాబట్టి బోనస్ గీత దాటినా వాడికి పాయింటు రాదు, దానికి ఆరుగురు ఉండాల. అంటే మావాళ్లు చెయ్యాల్సింది ఏమీ లేదు. ముప్పై సెకండ్లు వాడికి అందకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ ఉంటే 28-26తో మ్యాచ్ మనది. రైడర్‌కూ ఇది తెలుసు. అందుకే కాలు కొంచెం ముందుకు చాపి ఆశ పెట్టినాడు. మావాడొకడు ఆగలేక పట్టుకోవడానికి దూకినాడు, వాడిని చూసి పక్కవాడూ దూకినాడు. రైడర్ ఇద్దరినీ తాకి జారిపోయినాడు. 28-27, ఓటమి.

వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు సార్ ఒక్క మాట అనలేదట. మర్నాటి సాయంత్రం అందరి చేతులూ తువ్వాళ్లతో వెనక్కి కట్టించినారట. “ఇప్పుడు కాపు కాయండి” అన్నారట. చేతులు లేకపోతే పట్టుకోవాలనే ఆశ పోతుంది, కాళ్లు పని చేయడం మొదలుపెడతాయి. రైడర్ ఒక అడుగు ముందుకేస్తే ఏడుగురూ కలిసి ఒక అడుగు వెనక్కి, వాడు పక్కకు తిరిగితే వరస చెడకుండా పక్కకు. వారమంతా ఇదే. తరవాతి పోటీలో అలాంటి కూతే మళ్లీ వచ్చింది. ఒక్కడూ దూకలేదు. రైడర్ కాలు చాపి చాపి, టైము అయిపోయి, తల గోక్కుంటూ బయటికి పోయినాడు.

“ఇంకేమిరా, ఇదే నీ ఉపన్యాసం” అన్నాను. “అయితే కృష్ణగిరిలో దూకినవాడి పేరు చెప్పాల్నా?” అని అడిగినాడు. ఇక్కడే చాలామంది కెప్టెన్లు జారిపడేది. సరదాకేలే అని వేళాకోళం చేస్తారు. వాడి పెళ్లాం, వాడి తల్లి ఎదురుగా కూర్చొని ఉంటారు. వద్దు. తప్పు చెప్పేటప్పుడు ‘మేము’ అను, మెప్పు చెప్పేటప్పుడు పేరు పెట్టి చెప్పు. దూకినవాడికి ఆ ‘మేము’ ఎవరో తెలుసు. పేరు రానందుకు వాడు నీకు రుణపడి ఉంటాడు.

ఇక భాష. ఇది మా ఊరి ప్రత్యేక కష్టం. సార్ తమిళులు, బరిలో సగం మంది తెలుగు, ఇద్దరు ముగ్గురు కన్నడం, తల్లిదండ్రుల్లో మూడూ కలిపి మాట్లాడేవాళ్లే ఎక్కువ. కొందరు కెప్టెన్లు ప్రతి వాక్యాన్నీ మూడు భాషల్లో చెబుతారు. అయిదు నిమిషాలది పదిహేనవుతుంది, బిర్యానీ చల్లారుతుంది. అలా కాదు. నీ ఇంటి భాషలో మాట్లాడు, ఈ ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. కానీ ఎవరికి నమస్కారం పెడుతున్నావో ఆ ఒక్క వాక్యం వాళ్ల భాషలో చెప్పు. సార్‌కు తమిళంలో, బెంచీ మీద కూర్చున్న కన్నడ కుర్రాడికి కన్నడంలో. అప్పుడు ఆ మాట అనువాదం కోసం ఆగకుండా నేరుగా వాడి దగ్గరికే పోతుంది.

చివరికి వాడి కాగితం ఇలా తయారయింది. పేర్లు తీసేసి మీకు వినిపిస్తాను.

“అందరికీ నమస్కారం. అయిదు నిమిషాల్లో ముగిస్తా, వడ్డన తయారుగా ఉంది. ఈ ఏడాది మేము కృష్ణగిరిలో ఒక పాయింటుతో ఓడిపోతిమి. ఎందుకంటే మేము తొందరపడితిమి. మర్నాడు సార్ మా చేతులు కట్టేసినారు. నిజంగానే, తువ్వాలుతో. ఆ వారం మాకు శానా కోపం వచ్చింది సార్. ఆ తరవాత మేము గెలిచిన ప్రతి దగ్గరి మ్యాచ్‌లోనూ మా చేతులకు ఆ తువ్వాలు గుర్తుంది. మా కవర్ అన్నకు షీటులో పాయింట్లు తక్కువ. కానీ మా కార్నర్ పట్టిన మడమలు నిలిచినాయంటే అన్న రొమ్ము అడ్డం పెట్టినందుకే. బెంచీ మీద ఉన్న అయిదుగురూ ఒకసారి లేవండప్పా. వీళ్లలో ఒకడు నా నైట్ షిఫ్టు తాను చేసి నన్ను ఆటకు పంపినాడు. నేను ఆడిన ఆటలో సగం వాడిది. ఇంట్లో మట్టి గుడ్డలు ఉతికిన అమ్మలకు, అక్కలకు దండం పెడతా. మా రైడర్‌కు కప్పు వచ్చింది, ఇంక నేను పొగిడేది ఏమీ లేదు, వాడికి ఎక్కువ ముక్కలు వెయ్యొద్దు, వచ్చే ఏడాది బరువు చూస్తారు. సార్, మీరు ఒక మాట చెప్పండి, మేము కూర్చుంటాము.”

ఇందులో సార్‌కు చెప్పిన వాక్యాలు తమిళంలోనూ, షిఫ్టు చేసిన కుర్రాడి వాక్యం కన్నడంలోనూ అనుకోండి. విందుకు డబ్బిచ్చిన పెద్దమనిషి పేరు మొదట్లోనే, నమస్కారంతో పాటే, ఒక్కసారి అనేయాల. చివరికి దాచిపెడితే ఉపన్యాసం ఆయన మీద ముగుస్తుంది, సార్ మీద ముగియదు.

మావాడు కాగితం మడుస్తూ, “చూసి చదివితే నవ్వుతారేమో మామా” అన్నాడు. టెండుల్కర్ కూడా ఆ రోజు ఎవరినీ మరిచిపోకూడదని పేర్ల జాబితా చేతిలో పట్టుకొని నిలబడినాడని చెప్పాను. అంతటివాడికి అవసరమైన కాగితం నీకు అవసరం కాదా? చూసి చదివితే నవ్వేవాళ్లు రెండు నిమిషాల్లో మరిచిపోతారు. పేరు మరిచిపోతే మాత్రం ఆ బెంచీ కుర్రాడు వచ్చే సంక్రాంతికి వ్యానెక్కడు.