అంచూ కొంగూ చూడాలి

చీర గుర్తు చెప్పమంటే ఒంటి రంగొక్కటే చెప్పి ఊరుకుంటామా? అంచూ, కొంగూ కూడా చెబుతాం. గుర్రానికీ అంతేనట!

పశువైద్యుడైన మా మరిది ఒక ఫొటో నా చేతికిచ్చి, "వదినా, ఇదేం రంగు?" అన్నాడు. ఒళ్ళు ఎర్రటి గోధుమ రంగు. అది చాలదట. జూలు, తోక, కాళ్ళ కింది భాగం నల్లగా ఉంటే దాన్ని 'బే' అంటారు. జూలూ తోకా కూడా ఒంటి రంగులోనే ఉంటే 'చెస్ట్‌నట్'. ఈ గుర్రానికి జూలూ, తోకా, ముందుకాళ్ళూ నలుపే. కనుక బే.

నుదుట చిన్న తెల్లమచ్చ. దాని పేరు 'స్టార్'. వెనక కాలొకటి తెల్ల మేజోడు తొడిగినట్టుంది.

"ఏ కాలు?"

గుర్రం మనకెదురుగా నిలబడింది. తెల్ల కాలు మన కుడివైపుంది. అంటే గుర్రానికి ఎడమ. కాగితంలో రాయాల్సింది గుర్రం ఎడమే గాని చూసేవాళ్ళ ఎడమ కాదు.

అమ్మేవాడి కాగితంలో మాత్రం 'కుడి వెనక కాలు' అని ఉంది! ఫొటో తిరగేసి అచ్చయిందేమోనన్నాను. వెనక గోడమీది అక్షరాలు తిన్నగానే ఉన్నాయి. ఇక మిగిలినవి రెండే: రాసినవాడు తన కుడిచేతి వైపు చూసి రాసి ఉండాలి, లేదా అసలిది వేరే గుర్రమై ఉండాలి.

కొనేవాడు బయానా ఇచ్చేశాడు, పాపం. అయినా మా మరిది సంతకం పెట్టలేదు. కాలు కడిగించి చూస్తాడట. పుట్టు తెలుపయితే వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగులో ఉంటుంది. సున్నం పూతయితే నీళ్ళతో పోతుంది.