లాస్ట్ వర్కింగ్ డే

మీటింగ్ రూమ్‌లో నీళ్ల బాటిల్, టిష్యూ డబ్బా పెట్టమని మా మేనేజర్ ముందే చెప్పింది. "మొదటి రెండు మాటల్లోనే విషయం చెప్పెయ్. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అని మాత్రం అనకు. నీకు అర్థం కాదు."

హైదరాబాద్‌లో ఓ కంపెనీ హెచ్‌ఆర్‌లో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆఫర్ లెటర్లు చాలా ఇచ్చాను. ఉద్యోగం తీసేశామని చెప్పడం అదే మొదటిసారి.

ఆయనకి నలభై దాటాయి. ప్రాజెక్ట్ అయిపోయి రెండు నెలలుగా బెంచ్ మీద ఉన్నారు. లోపలికి వస్తూనే "ఏమ్మా, కొత్త ప్రాజెక్టా?" అన్నారు నవ్వుతూ.

"సర్, మీ పొజిషన్ తీసేస్తున్నారు. ఇవాళే మీ లాస్ట్ వర్కింగ్ డే."

'తీసేస్తున్నాం' అని రాత్రి అద్దం ముందు నాలుగుసార్లు అనుకున్నాను. తీరా నోటికొచ్చింది 'తీసేస్తున్నారు'.

ఆయనేమీ అనలేదు. రెండు నెలల నోటీస్ పే, మిగిలిన సెలవులకి డబ్బు, రిలీవింగ్ లెటర్... కాగితం చూసి చదువుతూ పోయాను. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా?"

కాగితంలో వెతికాను. గ్రూప్ పాలసీ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. అంటే ఇవాళ్టితో.

"గురువారం అమ్మకి మోకాలి ఆపరేషన్" అన్నారు, నాతో కాదు, టేబుల్‌తో అన్నట్టు.

రెండు నిమిషాలు ఆగమని చెప్పి మేనేజర్ దగ్గరికి వెళ్లాను. నోటీసు ఇవ్వడానికి రెండు దారులున్నాయని అప్పుడే తెలిసింది. డబ్బు చేతిలో పెట్టి ఇవాళే పంపేయడం ఒకటి. ఆఫీసుకి రావద్దని చెప్పి, ఆ రెండు నెలలూ జీతమిస్తూ రోల్స్ మీద ఉంచడం రెండోది. దాన్ని గార్డెన్ లీవ్ అంటారు. కంపెనీకి ఖర్చులో పెద్ద తేడా లేదు. కానీ రెండోదాంట్లో మనిషి ఇంకా ఉద్యోగే, కాబట్టి పాలసీ నడుస్తుంది.

"మరి మొదటిదే ఎందుకు?"

"నెలాఖరుకి హెడ్‌కౌంట్ తగ్గినట్టు కనబడాలి."

అయినా ఫైనాన్స్‌కి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు పట్టింది. ఒక నెల రోల్స్ మీద, మిగతా నెలకి డబ్బు, అలా ఒప్పుకున్నారు. లెటర్ మళ్లీ ప్రింట్ తీశాను. ఆయన తేదీ రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టారు. వెళ్తూ "థాంక్సమ్మా" అన్నారు. ఉద్యోగం తీసేసిన మనిషి చెప్పిన థాంక్స్‌ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

సాయంత్రం ఆ రోజు లెటర్లన్నీ ఫైల్ చేసే పని నాకే పడింది. మొత్తం ఏడు. మిగిలిన ఆరింటిలోనూ లాస్ట్ వర్కింగ్ డే ఆ రోజు తేదీయే. వాళ్ల ఇళ్లలో ఎవరికి ఏ ఆపరేషనుందో, ఎవరు నెలలు నిండి ఉన్నారో నాకు తెలియదు.

ఆ ఆరుగురూ అడగలేదు. మేమూ చెప్పలేదు.